తడి ఆరకూడని గాజు

మంచిర్యాల జిల్లా కాసిపేటలో బొగ్గు బాయి నడవాలంటే బొగ్గు కంటే ముందు నీళ్లు పైకి రావాలి. ఇసుకరాతి పొరల్లోంచి ఊరే నీరు గని అడుగున సంపుల్లో చేరుతుంది. పంపులు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి. సింగరేణి ప్రాంతమంతటా ఇదే తీరు. తోడిన నీటిని మట్టి దిగేదాకా తొట్లలో నిలిపి, కొంత దుమ్ము అణచడానికి దారుల మీద చల్లుతారు, కొంత చెరువులకూ పొలాలకూ వదులుతారు. అలా వదిలే నీటి పీహెచ్ 5.5 నుంచి 9.0 మధ్య ఉండాలని కేంద్ర పర్యావరణ శాఖ 2000లో బొగ్గు గనులకు ప్రకటించిన ప్రమాణాలు చెబుతున్నాయి.

ఆ హద్దులు ఊరికే పెట్టినవి కావు. బొగ్గులో పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం ఉంటే, గాలీ నీరూ తగిలినచోట అది గంధకామ్లంగా మారుతుంది. గంధకం ఎక్కువున్న మేఘాలయ, అస్సాం బొగ్గు గనుల నీరు పీహెచ్ 3 దగ్గరికి దిగిన సందర్భాలున్నాయి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఇక్కడి గని నీరు సాధారణంగా తటస్థంగానో, కొంచెం క్షారంగానో ఉంటుంది. అంటే ఈ ప్రాంతపు ప్రయోగశాలలో పీహెచ్ మీటర్ ఎక్కువగా చూసేది 7కు పై వైపునే. ఈ సంగతి ముందు ముందు మనకు పనికొస్తుంది.

పీహెచ్ మీటర్ అంటే చాలామందికి అంకెలు చూపే పెట్టె గుర్తొస్తుంది. నిజానికి కొలిచేది ఆ పెట్టె కాదు. తీగ చివర వేలాడే గాజు ఎలక్ట్రోడ్, అందులోనూ దాని కొసన ఉన్న పలుచని గాజు బల్బు, ఆ బల్బులోనూ కంటికి కనబడని ఒక పైపొర. పెట్టె చేసేదల్లా ఆ పొర ఇచ్చిన మిల్లీవోల్టులను పీహెచ్‌గా మార్చి చూపడం. పొర చెడితే పెట్టెకు ఆ విషయం తెలియదు. దశాంశ స్థానాలతో సహా, అంతే నిబ్బరంగా, తప్పు అంకె చూపిస్తుంది. మంచిర్యాల ఎండాకాలంలో ఆ పొర చెడడానికి పెద్ద ప్రమాదమేమీ అక్కర్లేదు. ఎలక్ట్రోడ్ కొసకు తొడిగే చిన్న మూత తొడగడం మరిచిపోతే చాలు.

గాజును మనం నీరు అంటని వస్తువుగానే ఎరుగుదుం. గ్లాసులో నీళ్లు పోసి పారబోస్తే గాజు ఏమీ పీల్చుకోదు. కానీ పీహెచ్ బల్బు గాజు ఆ జాతిది కాదు. గాజు ఏదైనా దాని అస్థిపంజరం సిలికానే. సిలికాన్ పరమాణువులు ఆక్సిజన్ పరమాణువుల ద్వారా ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుని ఉంటాయి. ఆ వలలోకి సోడియం ఆక్సైడ్ కలిపితే కొన్ని ముడులు తెగుతాయి. తెగిన ప్రతిచోటా ఒక ఆక్సిజన్ రుణావేశంతో మిగిలి, తనకు తోడుగా ఒక సోడియం అయాన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. 1930లో అమెరికాలో మెకిన్నిస్, డోల్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఎన్నో గాజులు పరీక్షించి, సిలికా 72 శాతం, సోడియం ఆక్సైడ్ 22 శాతం, కాల్షియం ఆక్సైడ్ 6 శాతం ఉన్న గాజు పీహెచ్‌కు చక్కగా స్పందిస్తుందని తేల్చారు. తర్వాత చాలా ఏళ్లు పీహెచ్ బల్బులు దాదాపు ఈ పాళ్లతోనే తయారయ్యాయి. ఇప్పటి గాజుల్లో సోడియం స్థానంలో ఎక్కువగా లిథియం వాడుతున్నారు.

22 శాతం సోడియం ఆక్సైడ్ అంటే చాలా ఎక్కువ. అంత ఎక్కువ ఉండబట్టే ఆ గాజు నీటిని పీల్చుకుంటుంది. దీనికి ఎదురు ఉదాహరణ పైరెక్స్ గాజూ, క్వార్ట్జూ. ఇవి నీటిని దాదాపు దగ్గరికి రానివ్వవు, పీహెచ్‌కూ సరిగా స్పందించవు. నీరు తాగే గుణమూ పీహెచ్ చదివే గుణమూ గాజులో కలిసే వస్తాయని ఆ రోజుల పరిశోధకులు పదే పదే గమనించారు. బీకరుకు మంచి గాజు ఎలక్ట్రోడ్‌కు ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. బీకరుకు కావలసింది నీటిని పట్టించుకోని గాజు. ఎలక్ట్రోడ్‌కు కావలసింది నీటితో మార్పిడికి దిగే గాజు.

ఆ మార్పిడి ఇలా జరుగుతుంది. బల్బును నీటిలో ముంచగానే పైపొరలోని సోడియం అయాన్లు నీటిలోకి జారిపోతాయి, వాటి చోట్లలోకి నీటిలోని హైడ్రోజన్ అయాన్లు వచ్చి కూర్చుంటాయి:

≡Si–O⁻Na⁺ + H⁺ ⇌ ≡Si–OH + Na⁺

హైడ్రోజన్ అయాన్‌ను ఆ ఆక్సిజన్ సోడియం కంటే చాలా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మార్పిడి కుడివైపుకే బలంగా సాగుతుంది. అదే సమయంలో నీటి అణువులు వలలోకి చొరబడి దాన్ని కొంచెం ఉబ్బిస్తాయి. కొన్ని గంటల్లో పైభాగం గట్టి గాజులా కాక, నీరు నిండిన సిలికా జిగురులా తయారవుతుంది. దీన్నే జెల్ పొర అంటారు. దీని మందం కొన్ని నానోమీటర్ల నుంచి వంద నానోమీటర్ల దాకా ఉండొచ్చు. బల్బు గోడ మందం సుమారు మిల్లీమీటరులో పదోవంతు. 50 నానోమీటర్ల పొరను తీసుకుంటే, అది రెండువేల కాగితాల దొంతరలో పైనున్న ఒక్క కాగితం లాంటిది. కొలత అంతా ఆ ఒక్క కాగితం మీద జరుగుతుంది.

పొర ఏర్పడ్డాక దాని ఉపరితలం బయటి నీటితో నిరంతరం ఒక సమతౌల్యంలో ఉంటుంది. నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువైతే మరికొన్ని వచ్చి ఉపరితలాన్ని పట్టుకుంటాయి. తక్కువైతే కొన్ని వదిలిపోయి, వెనక రుణావేశమున్న ఆక్సిజన్లను మిగులుస్తాయి. కదిలే అయాన్ల సంఖ్య అతి స్వల్పమే అయినా ఉపరితల విద్యుత్ పీడనం మారడానికి అది చాలు. అయాన్ల సాంద్రత పది రెట్లు మారితే, అంటే పీహెచ్ ఒక అంకె మారితే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ పీడనం 59.16 మిల్లీవోల్టులు మారాలి. ఇది నెర్న్‌స్ట్ సమీకరణం ఇచ్చే విలువ. మంచి ఎలక్ట్రోడ్ దీనికి చాలా దగ్గరగా వస్తుంది.

ఇక్కడ విద్యార్థులు చాలామంది ఒకచోట పొరబడతారు. హైడ్రోజన్ అయాన్లు గాజు గుండా ఇటునుంచి అటు దాటిపోతాయి కాబట్టే వోల్టేజి వస్తుందని అనుకుంటారు. హైడ్రోజన్ స్థానంలో ట్రిటియం ఉంచి జాడ తీసిన ప్రయోగాల్లో అది గాజును దాటలేదు. జెల్ పొరకు అడుగున ఉన్నది పొడి గాజు. అక్కడ విద్యుత్తును మోసేది సోడియం లేదా లిథియం అయాన్లే. అవి కూడా నడవవు, పక్క ఖాళీలోకి ఒక్కొక్క గెంతు వేస్తాయి. అందుకే బల్బు నిరోధం పది కోట్ల ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. 1906లో మాక్స్ క్రెమర్ పలుచని గాజు బుడగకు రెండువైపులా వేరువేరు ద్రావణాలు ఉంచి వోల్టేజిని గమనించాడు. 1909లో ఫ్రిట్జ్ హాబర్, క్లెమెన్‌సీవిచ్ దాన్ని ఆమ్ల, క్షారాల కొలతగా నిరూపించారు. అయినా ప్రయోగశాల బల్ల మీద పెట్టుకోదగ్గ పరికరం రావడానికి 1930ల నడిమి వరకూ ఆగాల్సివచ్చింది. ఇంత నిరోధం వెనకున్న వోల్టేజిని, విద్యుత్తు దాదాపు లాగకుండా చదివే వాక్యూమ్ ట్యూబ్ ఆంప్లిఫయర్ కావాలి. దాన్ని ఆర్నాల్డ్ బెక్‌మన్ కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవడం కోసం తయారుచేశాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బల్బుకు జెల్ పొర ఒకటి కాదు, రెండున్నాయి. బయటి గోడ మీద ఒకటి, లోపలి గోడ మీద ఒకటి. బల్బు లోపల పీహెచ్ 7 దగ్గరుండే క్లోరైడ్ బఫర్ ద్రావణం నింపి మూసేస్తారు. లోపలి పొర తయారైన రోజు నుంచి చివరి రోజు దాకా అదే ద్రావణంలో మునిగి ఉంటుంది. అది ఎన్నడూ ఎండదు, దాని పీహెచ్ మారదు. మీటర్ చదివేది ఈ రెండు పొరల మధ్య తేడాను. రెండూ కవలల్లా ఒకే తీరున తడిసి ఉన్నంత కాలం, బయట పీహెచ్ 7 నీరున్నప్పుడు తేడా దాదాపు సున్నా. ఆ తర్వాత కనిపించే ప్రతి మిల్లీవోల్టుకూ కారణం బయటి నీరే అని నమ్మొచ్చు.

బయటి పొర ఎండితే ఆ నమ్మకం పోతుంది. లోపలి కవల నీటిలో అలాగే ఉంటుంది. బయటిదాని ఖాళీల్లోంచి నీరు పోతుంది, ఉబ్బిన వల కుదించుకుంటుంది, హైడ్రోజన్ అయాన్లు ఉపరితలానికీ లోతుకూ మధ్య తిరగడం కష్టమవుతుంది. రెండు గోడల మధ్య, పీహెచ్‌తో సంబంధం లేని ఒక వోల్టేజి తేడా పుడుతుంది. దీన్ని అసౌష్ఠవ పొటెన్షియల్ అంటారు. పీహెచ్‌తో మారాల్సిన భాగం తగ్గుతుంది. మళ్లీ ముంచితే పొర మొదట పైపైనే తడుస్తుంది. లోతు తడిసేకొద్దీ అంకె మెల్లమెల్లగా జారుతూనే ఉంటుంది. సున్నా స్థానం తప్పడం, వాలు పడిపోవడం, అంకె నిలకడకు రాకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే బల్బు ఎండిందని గట్టిగా అనుమానించాలి.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణ కోసం తీసుకున్నవి. ఎండిన ఎలక్ట్రోడ్‌లో ఇలాంటివి కనిపించడం అరుదేమీ కాదు. గది వేడి 30 డిగ్రీలు అనుకుందాం. ఆ వేడిలో సిద్ధాంతం ప్రకారం వాలు పీహెచ్ అంకెకు 60.15 మిల్లీవోల్టులు. బాగున్న ఎలక్ట్రోడ్‌ను పీహెచ్ 7 బఫర్‌లో ముంచితే మైనస్ 4, పీహెచ్ 4 బఫర్‌లో ముంచితే 173 మిల్లీవోల్టులు వచ్చాయి. తేడా 177, మూడు అంకెలకు పంచితే 59. సిద్ధాంతంలో 98 శాతం. ఈ రెండు విలువలనూ మీటర్ గుర్తుపెట్టుకుంది. తర్వాత ఎలక్ట్రోడ్‌ను కడిగి, మూత లేకుండా స్టాండుకు తగిలించి, ఎవరో సెలవు మీద వెళ్లారు. మే నెల వేడిలో వారం గడిచింది.

తిరిగొచ్చాక అదే ఎలక్ట్రోడ్ పీహెచ్ 7 బఫర్‌లో 22, పీహెచ్ 4 బఫర్‌లో 154 మిల్లీవోల్టులు ఇస్తోంది. తేడా 132, అంకెకు 44. వాలు 73 శాతానికి పడిపోయింది. కానీ ఈసారి బఫర్లతో సరిచూడకుండా, పాత లెక్కతోనే గని నీటిని కొలిచారనుకుందాం. నీటి అసలు పీహెచ్ 8.0 అయితే ఎలక్ట్రోడ్ మైనస్ 22 మిల్లీవోల్టులు ఇస్తుంది. పాత సున్నా, పాత వాలుతో మీటర్ దాన్ని 7.3 అని చదువుతుంది. అసలు పీహెచ్ 9.3, అంటే హద్దు దాటిన నీరు అయితే మైనస్ 79 వస్తుంది. మీటర్ మీద అంకె 8.3. వదలకూడని నీరు నిబంధనలకు లోబడినట్టే రిజిస్టరులోకి ఎక్కుతుంది.

ఆమ్లం వైపు ఇంకో వింత ఉంది. అసలు పీహెచ్ 5.0 ఉన్న నీటికి ఇదే ఎలక్ట్రోడ్ 110 మిల్లీవోల్టులు ఇస్తుంది, మీటర్ దాన్ని 5.07గా చూపుతుంది. దాదాపు సరైన జవాబు! సున్నా జరగడం వల్ల అంకె కిందికి పోతే, వాలు తగ్గడం వల్ల ఆమ్లం వైపు అంకె పైకి వస్తుంది. పీహెచ్ 5.3 దగ్గర ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి పూర్తిగా కప్పేస్తాయి. ఆ దాపుల్లో ఒకే ఒక ద్రావణంతో సరిచూసుకున్నవారికి ఎలక్ట్రోడ్ భేషుగ్గా ఉందనిపిస్తుంది. మన గని నీళ్లు ఉండే 7కు పై వైపున మాత్రం రెండు తప్పులూ ఒకే దిక్కుకు లాగి కలిసిపోతాయి. అందుకే ఈ ప్రాంతంలో రెండు బఫర్లు చాలవు. 4, 7లతోపాటు 9.2 బఫర్‌లో కూడా ముంచి చూడాలి. ఈ మూడింటి టాబ్లెట్లూ తేలికగా దొరుకుతాయి. ఒక్కోటి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే సరిపోతుంది. మీటర్ చూపే పీహెచ్‌తో ఆగకుండా మిల్లీవోల్టులను కూడా రాసి ఉంచితే, వాలు నెలనెలా ఎలా తగ్గుతోందో కళ్లకు కడుతుంది.

అన్ని తప్పులూ ఎండడం వల్లే రావు కాబట్టి గుర్తుపట్టడం తెలియాలి. బల్బుకు సన్నని బీట పడితే ఏ బఫర్‌లో ముంచినా మిల్లీవోల్టులు సున్నా దగ్గరే ఉంటాయి, మీటర్ అన్నింటినీ 7 అంటుంది. రిఫరెన్స్ ద్రావణం బయటి నీటితో కలిసే చిన్న రంధ్రం మూసుకుపోతే నీటిని కలిపినప్పుడొక అంకె, కలపడం ఆపినప్పుడొక అంకె వస్తుంది. బల్బు లోపల గాలిబుడగ కొసకు చేరినా అంకె గంతులేస్తుంది. జ్వరం చూసే పాదరసపు థర్మామీటరును దులిపినట్టు ఒకసారి దులిపితే బుడగ పైకి పోతుంది. ఎండిన బల్బు ఇలా గంతులేయదు. జారుతుంది, నెమ్మదిస్తుంది, నానబెట్టేకొద్దీ మెరుగవుతుంది. ఈ చివరి లక్షణమే దానికి ఖాయమైన గుర్తు.

తడిగా ఉంచాలంటే దేనిలో ఉంచాలి? డిస్టిల్డ్ వాటర్ చాలనుకోవడం మన ప్రయోగశాలల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. గాజు తడిగానే ఉంటుంది, నిజమే. కానీ ఇప్పటి ఎలక్ట్రోడ్లలో గాజు బల్బూ రిఫరెన్స్ ఎలక్ట్రోడూ ఒకే గొట్టంలో ఉంటాయి. రిఫరెన్స్ భాగంలో చిక్కని పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. అయాన్లు లేని నీటిలో ముంచి ఉంచితే ఆ ఉప్పు రంధ్రం గుండా బయటికి కారిపోతూ లోపల పలచబడుతుంది. గాజులోని సోడియం, లిథియం కూడా శుద్ధమైన నీటిలోకి ఇంకా ఇంకా జారిపోయి జెల్ పొర అక్కర్లేనంత మందమవుతుంది. మందమైన పొర అంటే నెమ్మదైన ఎలక్ట్రోడ్. అందుకే 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. 22.4 గ్రాముల ఉప్పును కరిగించి 100 మిల్లీలీటర్లకు తెస్తే అది తయారవుతుంది. కొందరు దానిలో కొంచెం పీహెచ్ 4 బఫర్ కలుపుతారు. అది మంచి పద్ధతే. క్షారం సిలికాను కరిగిస్తుంది, మెల్లని ఆమ్లం ఆ పని చేయదు. ఉపరితలపు ఆక్సిజన్లకు హైడ్రోజన్ అయాన్లూ కొరత పడవు. మూతలో బల్బు మునిగేంత ద్రావణం ఉంటే చాలు. మూత చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటే బెంగపడక్కర్లేదు, కడిగేస్తే పోతుంది. అయితే మూతలోని ద్రావణం ఆవిరైపోతోందని అది చెబుతోంది కాబట్టి తెరిచి చూడాలి.

ఎండిన ఎలక్ట్రోడ్‌ను పారేయడానికి తొందరపడకూడదు. అదే ద్రావణంలో ఒక రాత్రి నానబెడితే చాలావరకు కోలుకుంటుంది. మన ఉదాహరణలోని ఎలక్ట్రోడ్ మర్నాడు పీహెచ్ 7లో 3, పీహెచ్ 4లో 175 మిల్లీవోల్టులు ఇస్తే, తేడా 172, వాలు 57కు పైన, సిద్ధాంతంలో 95 శాతం. మళ్లీ బఫర్లతో సరిచూసి వాడుకోవచ్చు. నానబెట్టినా మెరుగుపడకపోతే బల్బు మీద సున్నపు పొర ఉందేమో చూడాలి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గని నీటిలో అది తేలికగా పేరుకుంటుంది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు ఉంచి కడిగితే కరిగిపోతుంది. పాత పుస్తకాలు చివరి ఉపాయంగా ఫ్లోరైడ్ ద్రావణాలతో పైపొరను కరిగించమంటాయి. చర్మం గుండా ఎముక దాకా పోయే రసాయనం అది. గని దగ్గరి చిన్న ప్రయోగశాలలో ఆ సీసా ఉండనే కూడదని నా గట్టి అభిప్రాయం. దాని ముందు కొత్త ఎలక్ట్రోడ్ ఖరీదు ఏపాటిది?

బల్బును గుడ్డతో తుడవడం కూడా ఆ పొరకు చేసే హానే. రుద్దితే గాజు మీద స్థిరవిద్యుత్తు చేరి అంకె కాసేపు దారి తప్పుతుంది, జెల్ మీద గీతలు పడతాయి. నీటితో కడిగి, మెత్తని టిష్యూను తాకించి చుక్కను అద్దుకుంటే చాలు.

ఎంత జాగ్రత్తగా ఉంచినా ఈ పొరకు వయసు మీదపడుతుంది. బయటి అంచు కొంచెం కొంచెంగా నీటిలో కరిగిపోతుంటే, లోపలి అంచు గాజులోకి ఇంకా తొలుచుకుంటూ పోతుంది. వేడి, క్షారం ఎక్కువైతే ఈ రెండూ వేగం పుంజుకుంటాయి. కాసిపేట మండలంలోనే దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. సిమెంటు కలిసిన నీరు, అంటే సున్నం సంతృప్తంగా ఉన్న నీరు, 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 12.4 దాకా పోతుంది. అక్కడ హైడ్రోజన్ అయాన్లు ఎంత కరువంటే, దగ్గర్లో సోడియం సమృద్ధిగా ఉంటే ఉపరితలపు ఆక్సిజన్లు దాన్నీ కొంత పట్టుకుంటాయి. మీటర్ అసలు కంటే తక్కువ పీహెచ్ చూపుతుంది. మొదటి రోజు మార్పిడిలో బయటికి పోయిన సోడియమే వెనక్కి వచ్చి కూర్చున్నట్టు. లిథియం గాజులు ఈ తప్పును బాగా తగ్గించాయి గానీ పూర్తిగా తుడిచివేయలేదు. అలాంటి నీటిలో కొలిచిన ఎలక్ట్రోడ్‌ను వెంటనే కడిగి, మూతలో తాజా ద్రావణం పోసి ముంచి ఉంచాలి. మర్నాడు గని నీటి నమూనా ముందుకు వచ్చేలోగా దాన్ని మూడు బఫర్లలోనూ ముంచి, మిల్లీవోల్టులు రిజిస్టరులో రాయాలి.